గాలి ఎందుకు లోపలికొస్తుంది? శ్వాస పాఠానికి పది ప్రశ్నలు, వాటి జవాబులు

ఇంటర్ జువాలజీలో శ్వాసించడం, వాయువుల వినిమయం పాఠం చదివిన విద్యార్థిని టైడల్ వాల్యూమ్ ఎంత అని అడగండి. 500 మి.లీ. అని టక్కున చెప్తారు. ఊపిరి పీల్చినప్పుడు గాలి వచ్చినందుకు ఊపిరితిత్తులు ఉబ్బాయా, ఉబ్బినందుకు గాలి వచ్చిందా అని అడిగితే మాత్రం తడబడతారు. తప్పు వాళ్లది కాదు. మన ప్రాక్టీసు పేపర్లు ఈ పాఠాన్ని నిర్వచనాల మూటగా కట్టి ఇస్తున్నాయి. రెండు మార్కులకు ఒక నిర్వచనం, నాలుగు మార్కులకు ఒక బొమ్మ, ఎనిమిది మార్కులకు పేరాలకు పేరాలు. ఇవన్నీ బట్టీ పట్టి గట్టెక్కవచ్చు. నీట్, ఎప్‌సెట్ బిట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ బట్టీ పనిచేయదు.

నా వాదన ఒక్కటే. ఈ పాఠం మొత్తం పీడనం గురించి. గాలి గానీ, అందులోని ఒక్కో వాయువు గానీ పీడనం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది. ముక్కు దగ్గర మొదలుపెట్టి కండరం దాకా, అక్కడి నుంచి మళ్లీ ముక్కు దాకా ఇదే కథ. కాబట్టి ప్రాక్టీసు క్విజ్ కూడా ఆ దారిలోనే నడవాలి. కింది పది ప్రశ్నలు అలా వరసలో పెట్టినవి. ఒక్కోదానికి 4 మార్కులు, మొత్తం 40, గంట సమయం. కాలిక్యులేటర్ అవసరం లేదు. జవాబు చూసే ముందు రాసి తీరాలి, ఎందుకంటే ఈ పాఠంలో చదివితే అర్థమైనట్టే ఉంటుంది, రాస్తేనే బాణం గుర్తు ఎటు పెట్టాలో తెలియలేదని బయటపడుతుంది.

ప్రశ్న 1. ఉచ్ఛ్వాసంలో జరిగే సంఘటనలను కారణం ముందు, ఫలితం వెనుక వచ్చేలా వరసగా రాయండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు నిశ్వాసానికి ఏ కండరం సంకోచిస్తుంది?

జవాబు: విభాజక పటలం సంకోచించి బల్లపరుపుగా కిందికి దిగుతుంది. బాహ్య పర్శుకాంతర కండరాలు సంకోచించి పక్కటెముకలనూ ఉరోస్థినీ పైకి, ముందుకు లేపుతాయి. ఉరఃకుహరం పరిమాణం పెరుగుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న ఊపిరితిత్తుల పరిమాణమూ పెరుగుతుంది. పరిమాణం పెరిగింది కాబట్టి లోపలి పీడనం వాతావరణ పీడనం కన్నా కొద్దిగా తగ్గుతుంది. అప్పుడు గాలి లోపలికి వస్తుంది. రెండో భాగానికి జవాబు: ఏ కండరమూ సంకోచించదు. సంకోచించినవి సడలుతాయి, సాగిన ఊపిరితిత్తులు వాటి స్థితిస్థాపకత వల్ల ముడుచుకుంటాయి. గట్టిగా ఊదినప్పుడు మాత్రం అంతర పర్శుకాంతర కండరాలు, పొట్ట కండరాలు పనిలోకి దిగుతాయి.

మార్కులు పోయేది ఎక్కడంటే, "గాలి లోపలికి రావడం వల్ల ఛాతీ పెరుగుతుంది" అనే వాక్యం దగ్గర. బెలూన్ ఉదాహరణే ఈ తప్పు నేర్పిందని నా అనుమానం. బెలూన్‌లోకి మనం గాలి తోస్తాం. ఊపిరితిత్తుల్లోకి ఎవరూ తోయరు. దీనికి దగ్గరగా ఉన్నది ఇంజెక్షన్ సిరంజి. పిస్టన్ వెనక్కి లాగితే లోపల చోటు పెరుగుతుంది, మందు దానంతటదే ఎక్కుతుంది. ఇక్కడ పిస్టన్ విభాజక పటలం. పీడనంలో తేడా కూడా తక్కువే. మామూలు ఊపిరికి వాతావరణ పీడనమైన 760 మి.మీ. పాదరసం కన్నా ఒకటి రెండు మి.మీ. తగ్గితే చాలు.

ప్రశ్న 2. ఒక వ్యక్తి టైడల్ వాల్యూమ్ 500, ఉచ్ఛ్వాస నిల్వ పరిమాణం 2500, నిశ్వాస నిల్వ పరిమాణం 1000, అవశేష పరిమాణం 1200 మి.లీ. వైటల్ కెపాసిటీ, ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యం కట్టండి. ఈ నాలుగింటిలో స్పైరోమీటర్ కొలవలేనిది ఏది?

జవాబు: వైటల్ కెపాసిటీ 2500 + 500 + 1000 = 4000 మి.లీ. దానికి అవశేషం కలిపితే మొత్తం సామర్థ్యం 5200 మి.లీ. స్పైరోమీటర్ లోపలికో బయటికో కదిలే గాలిని మాత్రమే కొలుస్తుంది. ఎంత గట్టిగా ఊదినా బయటికి రాని గాలే అవశేష పరిమాణం, కనుక దాన్ని కొలవలేదు. అది కలిసిన ఏ సామర్థ్యాన్నీ, అంటే మొత్తం సామర్థ్యాన్నీ, ఫంక్షనల్ రెసిడ్యుయల్ కెపాసిటీనీ కూడా కొలవలేదు. ఇది సులువైన ప్రశ్నే, తొందరగా దాటేయొచ్చు. మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి.

ప్రశ్న 3. రాము నిమిషానికి 12 సార్లు, ఒక్కోసారి 500 మి.లీ. ఊపిరి తీస్తున్నాడు. సోము 24 సార్లు, ఒక్కోసారి 250 మి.లీ. తీస్తున్నాడు. ఇద్దరి డెడ్ స్పేస్ 150 మి.లీ. ఎవరి వాయుగోణుల్లోకి ఎక్కువ తాజా గాలి చేరుతుంది?

చాలామంది "ఇద్దరికీ 6000 మి.లీ., కాబట్టి సమానం" అని రాసి పెన్ను కింద పెట్టేస్తారు. ముక్కు నుంచి చివరి శ్వాసనాళిక దాకా ఉన్న గొట్టాల్లో దాదాపు 150 మి.లీ. గాలి నిండి ఉంటుంది. అక్కడ వాయు వినిమయం జరగదు. ప్రతి ఊపిరిలోనూ చివరగా పీల్చిన 150 మి.లీ. ఆ గొట్టాల్లోనే ఆగి, వాడకుండానే బయటికి పోతుంది. ఆ నష్టం ఊపిరికి ఇంత అని కోత పడేది, నిమిషానికి ఇంత అని కాదు.

జవాబు: రాముకు (500 − 150) × 12 = 4200 మి.లీ. సోముకు (250 − 150) × 24 = 2400 మి.లీ. మొత్తం గాలి సమానమే అయినా రాము వాయుగోణుల్లోకి 1800 మి.లీ. ఎక్కువ చేరుతుంది. నిస్సారంగా, వేగంగా తీసే ఊపిరి దండగ.

ఇదే లెక్కను ఇంకో మెట్టు ఎక్కిస్తే మంచి ప్రశ్న తయారవుతుంది. సోము 150 మి.లీ. చొప్పున 40 సార్లు తీస్తే? మొత్తం మళ్లీ 6000 మి.లీ. వాయుగోణుల్లోకి చేరేది, ఈ సూత్రం ప్రకారం, సున్నా. ఎండలో కుక్క నాలుక చాపి రొప్పడం ఈ ఏర్పాటు మీదే నడుస్తుంది. గొట్టాల్లో గాలి ఆడించి ఒళ్లు చల్లబరచుకుంటుంది, వాయుగోణుల్లో వాయువుల లెక్క మాత్రం పెద్దగా చెదరనివ్వదు.

ప్రశ్న 4. వాతావరణంలో ఆక్సిజన్ పాక్షిక పీడనం 159, వాయుగోణుల్లో 104, అక్కడికి వచ్చే ఆక్సిజన్ రహిత రక్తంలో 40 మి.మీ. కార్బన్ డయాక్సైడ్‌కు అవే చోట్ల 0.3, 40, 45. (అ) 159 ఎలా 104 అయింది? (ఆ) ఆక్సిజన్‌కు 64 మి.మీ. తేడా ఉంటే కార్బన్ డయాక్సైడ్‌కు 5 మాత్రమే ఉంది. అయినా అది ఎలా సరిపోతుంది?

ఈ పట్టికను పుస్తకంలో అందరూ చూస్తారు, బట్టీ పడతారు. 159 అంటే ఏమిటో అడిగేవారు తక్కువ. గాలి పీడనం 760, అందులో ఆక్సిజన్ వాటా 21 శాతం, గుణిస్తే 159.6. అంతే. లెక్క చేసుకుంటే గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

జవాబు (అ): ముక్కులోంచి వచ్చేటప్పుడు గాలి తడుస్తుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర నీటి ఆవిరి 47 మి.మీ. పీడనాన్ని ఆక్రమిస్తుంది. మిగిలిన 713లో 21 శాతం అంటే సుమారు 150. అక్కడి నుంచి 104కు దిగడానికి రెండు కారణాలు. కొత్తగా వచ్చిన కొద్దిపాటి గాలి, లోపల అప్పటికే ఉన్న ఎక్కువ గాలితో కలుస్తుంది. ఆ లోపలి గాలిలోంచి రక్తం ప్రతి క్షణం ఆక్సిజన్ తీసుకుంటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఉంటుంది.

జవాబు (ఆ): కార్బన్ డయాక్సైడ్ ద్రావణీయత ఆక్సిజన్ కన్నా 20 నుంచి 25 రెట్లు ఎక్కువ. కాబట్టి ఒక్క మి.మీ. తేడాకు పొర దాటే కార్బన్ డయాక్సైడ్ కూడా అన్ని రెట్లు ఎక్కువ. 5ని 20తో గుణిస్తే 100. అంటే 5 మి.మీ. తేడా ఆక్సిజన్ విషయంలో 100 మి.మీ. తేడా చేసేంత పని చేస్తుంది. "కార్బన్ డయాక్సైడ్ తేలిక కాబట్టి" అని రాసేవాళ్లున్నారు. అది ఆక్సిజన్ కన్నా బరువైన వాయువు. ఇక్కడ ద్రావణీయత అన్న మాట లేకపోతే మార్కు ఇవ్వకూడదు.

ప్రశ్న 5. ముగ్గురు రోగులు. మొదటివారికి ఆస్తమా, రెండోవారికి ఎంఫైసీమా, మూడోవారికి సిలికోసిస్. ఒక్కొక్కరిలో దెబ్బతిన్నది దారా, వైశాల్యమా, మందమా?

జవాబు: ఆస్తమాలో శ్వాసనాళాలు, శ్వాసనాళికలు వాచి, బిగుసుకుని ఇరుకవుతాయి. దెబ్బ దారికి. ఎంఫైసీమాలో వాయుగోణుల గోడలు తెగిపోయి చిన్న గదులు కలిసి పెద్ద గదులవుతాయి. దెబ్బ వైశాల్యానికి. దీనికి ప్రధాన కారణం పొగతాగడం. సిలికోసిస్‌లో సిలికా ధూళి వల్ల తంతుకణజాలం పెరిగి పొర మందమవుతుంది, ఊపిరితిత్తి గట్టిపడుతుంది.

నిర్వచనాలు మూడూ విడివిడిగా అడిగితే ఇదంతా బట్టీ సరుకే. మూడింటినీ ఒకచోట పెట్టి తేడా అడిగినప్పుడు విసరణ పొర ఏమిటో గుర్తు రాక తప్పదు. వాయుగోణి పలుచని శల్కల ఉపకళ, రక్తకేశనాళిక అంతరస్తరం, రెండింటి మధ్య ఆధార పదార్థం, ఈ మూడే ఆ పొర. పుస్తకంలో దాని మందం ఒక మిల్లీమీటరు కన్నా చాలా తక్కువ అని ఉంటుంది. పరీక్షలో అలాగే రాయండి. నిజానికి పలుచగా ఉన్నచోట అది అర మైక్రాన్ దగ్గర ఉంటుంది, అంటే మిల్లీమీటరులో రెండు వేలో వంతు. ఇంత పలుచని పొర మీద రాతిధూళి చేసే నష్టం ఎలాంటిదో రాళ్ల క్రషర్లలో, గ్రానైట్ కోతలో, మార్కాపురం పలకల పనిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న 6. "100 మి.లీ. ఆక్సిజన్ సహిత రక్తం కణజాలాలకు సుమారు 5 మి.లీ. ఆక్సిజన్ ఇస్తుంది." ఈ వాక్యాన్ని లెక్కతో నిరూపించండి. 100 మి.లీ. రక్తంలో హీమోగ్లోబిన్ 15 గ్రాములు. ఒక గ్రాము పూర్తిగా నిండితే 1.34 మి.లీ. ఆక్సిజన్ పట్టుకుంటుంది. ధమని రక్తంలో 97 శాతం, సిర రక్తంలో 75 శాతం నిండి ఉంది.

పుస్తకంలో ఆ వాక్యం ఒంటరిగా, ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది. అందుకే ఈ ప్రశ్న.

జవాబు: పూర్తిగా నిండితే 15 × 1.34 = 20.1 మి.లీ. అందులో 97 శాతం 19.5. 75 శాతం 15.1. తేడా 4.4 మి.లీ. ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్ నుంచి వచ్చే కొసరు కలిపితే 4.6 దాకా వస్తుంది. దాన్నే సుమారు 5 అంటున్నాం.

లెక్కను అక్కడ ఆపకండి. విశ్రాంతిలో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అంటే 100 మి.లీ. వాటాలు 50. ఒక్కోటి 5 మి.లీ. ఇస్తే నిమిషానికి 250 మి.లీ. ఆక్సిజన్. పుస్తకంలోనే ఇంకో వాక్యం ఉంది, 100 మి.లీ. రక్తం వాయుగోణుల్లో 4 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ వదులుతుందని. అది నిమిషానికి 200 మి.లీ. 200ను 250తో భాగిస్తే 0.8. శ్వాసక్రియ పాఠంలో వచ్చే శ్వాసక్రియా కోషంట్ ఇదే, మామూలు మిశ్రమాహారం తినేవారి విలువకు దగ్గర. రెండు పాఠాలు, రెండు ఒంటరి వాక్యాలు, ఒకే లెక్కలో కలిశాయి.

సిర రక్తాన్ని "ఆక్సిజన్ లేని రక్తం" అనుకునే పొరపాటు కూడా ఇక్కడే వదులుతుంది. ఆక్సిజన్ రహిత రక్తం అన్న పేరే తప్పుదారి పట్టిస్తుంది. అందులో ఇంకా ముప్పావు వంతు ఆక్సిజన్ ఉంది. అది ఎందుకు పనికొస్తుందో తర్వాతి ప్రశ్న చెప్తుంది.

ప్రశ్న 7. ఆక్సిజన్ పాక్షిక పీడనం 100, 60, 40, 27, 20 మి.మీ. ఉన్నప్పుడు హీమోగ్లోబిన్ సుమారు 97, 90, 75, 50, 35 శాతం నిండుతుంది. గ్రాఫ్ గీయండి. (అ) 100 నుంచి 60కి 40 మి.మీ. దిగితే నష్టం ఎంత? 60 నుంచి 20కి అదే 40 మి.మీ. దిగితే నష్టం ఎంత? (ఆ) పనిచేస్తున్న కండరంలో వక్రరేఖ ఎటు జరుగుతుంది, ఎందుకు?

జవాబు (అ): మొదటి దిగుడుకు 7 శాతం. రెండో దిగుడుకు 55 శాతం. రేఖ తిన్నటి గీతలా కాక S ఆకారంలో ఉండడమే కారణం. నాలుగు హీమ్‌లలో ఒకటి ఆక్సిజన్‌ను పట్టుకుంటే మిగతావాటికి పట్టుకోవడం సులువవుతుంది, వదలడమూ అంతే.

పైన చదునుగా ఉన్న భాగం మనకు రక్షణ. లద్దాఖ్‌లోని లేహ్ సముద్రమట్టానికి 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, తగ్గేది మొత్తం పీడనం. అది సముద్రతీరంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంటుంది. వాయుగోణుల్లో ఆక్సిజన్ పీడనం 60కి అటూ ఇటూ దిగినా, విమానం దిగిన మనిషి హీమోగ్లోబిన్ 90 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. "ఎత్తైన చోట ఆక్సిజన్ శాతం తగ్గుతుంది" అని రాస్తే మార్కు లేదు. తగ్గేది పాక్షిక పీడనం.

నిటారుగా ఉన్న భాగం కండరానికి వరం. పరుగెత్తేటప్పుడు కండరంలో పీడనం 20కి పడిపోతే హీమోగ్లోబిన్ 35 శాతానికి ఖాళీ అవుతుంది. 20.1లో 35 శాతం 7. అంటే 100 మి.లీ. రక్తం 19.5 నుంచి 7కు దిగి 12.5 మి.లీ. ఇచ్చింది. విశ్రాంతిలో ముట్టని నిల్వ అది.

జవాబు (ఆ): కుడివైపు. అక్కడ కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అయాన్లు, ఉష్ణోగ్రత పెరుగుతాయి. హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద పట్టు తగ్గుతుంది, అదే పీడనం దగ్గర ఎక్కువ ఆక్సిజన్ వదులుతుంది. ఊపిరితిత్తుల్లో ఇవన్నీ తగ్గుతాయి కాబట్టి రేఖ ఎడమకు జరిగి పట్టు పెరుగుతుంది.

కార్బన్ డయాక్సైడ్ చూపే ఈ ప్రభావానికి బోర్ ప్రభావం అని పేరు. 1904లో దీన్ని చెప్పిన క్రిస్టియన్ బోర్ డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త. ఫిజిక్స్‌లో పరమాణు నమూనా బోర్ ఆయన కొడుకు నీల్స్. ఇద్దరినీ ఒకరనుకుని రాసినా మార్కు పోదు గానీ తెలుసుకుంటే మంచిది. కుడి, ఎడమ తారుమారయ్యేవాళ్లు ఇలా పరీక్షించుకోవచ్చు. 50 శాతం దగ్గర అడ్డంగా గీత గీయండి. ఆ గీత రేఖను తాకే చోట పీడనం 27 కన్నా ఎక్కువుంటే రేఖ కుడికి జరిగింది. సగం నిండడానికే ఎక్కువ పీడనం కావాల్సి వచ్చిందంటే పట్టు తగ్గిందని అర్థం. గర్భస్థ శిశువు హీమోగ్లోబిన్‌కు ఆ చుక్క ఎడమన ఉంటుంది, అందుకే తల్లి రక్తం నుంచి ఆక్సిజన్‌ను లాక్కోగలదు.

ప్రశ్న 8. కార్బన్ డయాక్సైడ్‌లో 70 శాతం బైకార్బనేట్‌గా ప్రయాణిస్తుంది. ఆ బైకార్బనేట్ ఎక్కువగా ఉండేది ప్లాస్మాలో, తయారయ్యేది మాత్రం ఎర్ర రక్తకణంలో. ఎందుకు?

జవాబు: చర్య ఇది.

CO2 + H2O ⇌ H2CO3 ⇌ H+ + HCO3−

దీన్ని వేగవంతం చేసే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ ఎర్ర రక్తకణాల్లో చాలా ఎక్కువ, ప్లాస్మాలో నామమాత్రం. కేశనాళికలో రక్తం ఉండేది ఒక్క సెకను దరిదాపు. ఎంజైమ్ లేకుండా ఆ వ్యవధిలో చర్య పూర్తికాదు. కణంలో తయారైన బైకార్బనేట్ ప్లాస్మాలోకి బయటపడుతుంది. ఒక రుణావేశం బయటికి పోయింది కాబట్టి దాని బదులు క్లోరైడ్ అయాన్ లోపలికి వస్తుంది. దీన్నే క్లోరైడ్ షిఫ్ట్ లేదా హాంబర్గర్ దృగ్విషయం అంటారు. మిగిలిన హైడ్రోజన్ అయాన్‌ను ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్ పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ పీడనం తక్కువ కాబట్టి మొత్తం చర్య వెనక్కి నడుస్తుంది. క్లోరైడ్ బయటికి, బైకార్బనేట్ లోపలికి.

ఆఖరి వాక్యం రాయనివారే ఎక్కువ. రెండు వైపుల బాణాలు గీసి కూడా ఒక వైపే వివరిస్తారు. మిగిలిన వాటాలు 20 నుంచి 25 శాతం కార్బమైనో హీమోగ్లోబిన్‌గా, 7 శాతం ప్లాస్మాలో కరిగి. కార్బమైనోలో వాయువు అంటుకునేది హీమ్‌లోని ఇనుముకు కాదు, ప్రోటీన్ భాగంలోని ఎమైనో సమూహానికి. దీన్నీ తర్వాతి ప్రశ్నలోని కార్బాక్సీ హీమోగ్లోబిన్‌నూ కలిపేసుకోవడం మామూలు తప్పు.

ప్రశ్న 9. రక్తహీనతతో హీమోగ్లోబిన్ సగానికి తగ్గిన మనిషి నీరసంగానైనా నడుస్తాడు. కార్బన్ మోనాక్సైడ్ సగం హీమోగ్లోబిన్‌ను ఆక్రమించిన మనిషి కుప్పకూలుతాడు. ఇద్దరి రక్తంలోనూ ఆక్సిజన్ దాదాపు అంతే. తేడా ఏమిటి?

పది ప్రశ్నల్లో కష్టమైనది ఇదే. ఏడో జవాబు అర్థం కాకపోతే ఇది రాయలేరు.

జవాబు: కార్బన్ మోనాక్సైడ్ హీమ్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ మోనాక్సైడ్ కేవలం 0.1 శాతం ఉన్నా, 210 రెట్ల తక్కువను 200 రెట్ల పట్టు సరిచేస్తుంది. కొన్ని గంటల్లో హీమోగ్లోబిన్ చెరి సగం పంచుకుంటాయి. రక్తహీనత ఉన్నవారి 100 మి.లీ. రక్తంలో దాదాపు 10 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. అందులో 5 ఇవ్వాలంటే హీమోగ్లోబిన్ 50 శాతానికి దిగాలి, అంటే కణజాలంలో పీడనం 27 దాకా దిగితే సరి. కార్బన్ మోనాక్సైడ్ ఉన్నవారికీ 10 మి.లీ. ఉంటుంది. కానీ ఒక హీమ్‌లో అది తిష్ఠ వేస్తే పక్క హీమ్‌లు తమ ఆక్సిజన్‌ను మరింత బిగించి పట్టుకుంటాయి. రేఖ ఎడమకు జరుగుతుంది. అదే 5 మి.లీ. వదలాలంటే పీడనం ఇంకా చాలా కిందికి దిగాలి. మెదడు అంత కిందికి తట్టుకోలేదు.

చలికాలం తలుపులు బిడాయించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే, లోపల జనరేటర్ నడిపితే జరిగేది ఇదే. ఆ వాయువుకు రంగు, వాసన లేవు. ఆయాసం కూడా హెచ్చరించదు, ఎందుకంటే ధమనుల్లోని గ్రాహకాలు చూసేది ఆక్సిజన్ పీడనాన్ని, పరిమాణాన్ని కాదు. ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్ మామూలుగానే ఉంది కాబట్టి వాటికి తేడా తెలియదు. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరిన వేలి ఆక్సీమీటరూ మోసపోతుంది. అది కార్బాక్సీ హీమోగ్లోబిన్‌ను ఆక్సీహీమోగ్లోబిన్‌గా లెక్కేసి 97, 98 చూపిస్తుంది. అంకె బాగుంది కదా అని ఆగకుండా గాలి ఆడే చోటికి మార్చి, ఆస్పత్రికి చేర్చి ఆక్సిజన్ పెట్టించాలి.

ప్రశ్న 10. బావిలో మునిగి ఎక్కువసేపు ఉండాలని ఒకరు ముందుగా పదిహేను ఇరవై సార్లు గబగబా, లోతుగా ఊపిరి తీసి దూకారు. దీనివల్ల రక్తంలో ఆక్సిజన్ ఎంత పెరిగింది? ప్రమాదం ఏమిటి?

జవాబు: దాదాపు పెరగలేదు. హీమోగ్లోబిన్ అప్పటికే 97 శాతం నిండి ఉంది, ఇక మిగిలింది 3 శాతమే. తగ్గింది మాత్రం కార్బన్ డయాక్సైడ్. 40 నుంచి 25కు పడిందనుకుందాం. శ్వాస లయ కేంద్రం మజ్జాముఖంలో ఉంటుంది. దాని పక్కనే ఉన్న రసాయన సున్నిత ప్రాంతం కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అయాన్లు పెరిగితే ఊపిరి తీయమని తొందరపెడుతుంది. నీటిలో ఆ తొందర మొదలవ్వాలంటే 25 నుంచి మళ్లీ 40 దాటాలి, దానికి చాలా సమయం పడుతుంది. ఈలోగా కండరాలు ఆక్సిజన్ వాడేస్తూనే ఉంటాయి. ఊపిరి కావాలనిపించే లోపే మెదడుకు ఆక్సిజన్ చాలక నీటిలోనే స్పృహ తప్పుతుంది.

ఇక్కడ పుస్తకంతో చిన్న పేచీ ఉంది. శ్వాస లయ నియంత్రణలో ఆక్సిజన్ పాత్ర చాలా స్వల్పం అని అందులో ఉంటుంది. బిట్ పేపర్లో దానికే టిక్ పెట్టండి. కెరోటిడ్ గ్రాహకాలు ఆక్సిజన్ పీడనాన్ని కనిపెట్టే మాట నిజమే గానీ, అది సుమారు 60 కన్నా దిగితేగాని గట్టిగా స్పందించవు. 60 దాకా హీమోగ్లోబిన్ 90 శాతం నిండే ఉంటుందని ఏడో ప్రశ్న గ్రాఫ్‌లో చూశాం, కాబట్టి అంతకు ముందే గోల చేయాల్సిన అవసరం వాటికి లేదు. లేహ్‌లో దిగినవారికి ఊపిరి వేగం పెరగడానికి కారణం ఈ గ్రాహకాలే. బావిలోని మనిషికి కూడా అవి మోగుతాయి. కానీ కార్బన్ డయాక్సైడ్ తక్కువున్నప్పుడు వాటి మాట బలహీనంగా వినిపిస్తుంది, పైగా 60 దిగాక రేఖ నిటారుగా పడిపోతుంది. పైకి తేలడానికి మిగిలే సమయం కొన్ని సెకన్లే.